పెళ్లికూతురి బుగ్గ మీద ఆకుపచ్చ చుక్కలు

ప్రశ్న: సార్, నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లె. ఏడాది నుంచి పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తున్నాను. కెమెరాతో వచ్చిన 18-55 లెన్స్, తర్వాత కొన్న 50 ఎం.ఎం. ఎఫ్ 1.8 ఉన్నాయి. రెండింటికీ కొన్న రోజే షాపతను యూవీ ఫిల్టర్ బిగించి ఇచ్చాడు. మొన్న రాత్రి ముహూర్తానికి 50తో తీస్తే పెళ్లికూతురి ముఖం మీద ఆకుపచ్చ చుక్కలు పడ్డాయి. 18-55తో తీసినవి కొన్ని మంచు కమ్మినట్టు తెల్లగా పాలిపోయాయి. పెళ్లికూతురి మేనమామ చూసి “లెన్స్ పాడైనట్టుంది బాబూ” అన్నారు. లెన్స్ మార్చాలా, హుడ్ కొంటే సరిపోతుందా? రెండు ఫొటోలు పంపుతున్నాను. వచ్చే నెలలో మూడు పెళ్లిళ్లున్నాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: లెన్స్ మార్చకండి. మీ రెండు ఫొటోల్లో ఉన్నవి రెండు వేరువేరు జబ్బులు. రెండూ లైటు వల్లే వచ్చాయి గానీ మందు మాత్రం ఒకటి కాదు. హుడ్ ఒకదానికే పనిచేస్తుంది. మొదటి ఫొటోకి ఎంత ఖరీదైన హుడ్ పెట్టినా ఆ చుక్కలు కదలవు.

ముందు ఆ చుక్కల ఫొటోని కంప్యూటర్లో పెద్దది చేసి చూడండి. ఎడమ పైమూలలో, మండపం కమ్మీకి నాలుగు ఎల్ఈడీ లైట్లు వరసగా ఉన్నాయి. కుడివైపు కింద, అమ్మాయి చెంప నుంచి భుజం దాకా నాలుగు చుక్కలున్నాయి. లైట్లు నాలుగు, చుక్కలూ నాలుగే. ఇంకొంచెం జాగ్రత్తగా చూడండి. ఎడమ చివరి లైటు మిగతా మూడింటికంటే కాస్త కిందికి వేలాడుతోంది. చుక్కల్లో కుడి చివరిది మిగతావాటికంటే కాస్త పైకి ఉంది. అంటే ఆ లైట్ల వరసే తలకిందులై, ఎడమ కుడి తారుమారై ఇటు పడింది. ఏ లైటు నుంచైనా ఫొటో నడిమధ్య మీదుగా ఒక గీత గీసి, అంతే దూరం అవతలికి పొడిగిస్తే, గీత చివర ఒక చుక్క దొరుకుతుంది. నేను మీ ఫొటో మీద స్కేలు పెట్టి నాలుగింటికీ గీసి చూశాను. నాలుగూ సరిపోయాయి.

ఇలా లెక్కగా, ఎదురుబొదురుగా, లైటు ఆకారంలోనే స్పష్టంగా పడితే అది దాదాపుగా ఫిల్టర్ పనే. జరిగేది ఇది. కెమెరా లోపలి సెన్సర్ నల్లగా ఉండదు, అద్దంలా మెరుస్తుంది. బలమైన లైటు బొమ్మ దాని మీద పడితే అందులో కొంచెం వెలుతురు వెనక్కి తిరిగి, లెన్స్ గుండా ముందుకే బయటికి పోతుంది. మామూలుగా అయితే అలాగే గాలిలో కలిసిపోయేది. కానీ లెన్స్ ముందు చదునైన గాజు బిళ్ల ఒకటి అడ్డం ఉంది. ఆ వెలుతురులో కొంత దాన్ని తాకి మళ్లీ లోపలికి తిరిగి, సెన్సర్ మీద అవతలివైపు రెండో బొమ్మగా పడుతుంది. లెన్స్ లోపలి గాజులు వంపు తిరిగి ఉంటాయి కాబట్టి వాటి మీద పడి తిరిగొచ్చే వెలుతురు ఎక్కువగా చెదిరిపోయి మసకమచ్చ అవుతుంది. ఫిల్టర్ చదునుగా ఉండటం వల్లే బొమ్మ చెదరకుండా తిరిగొస్తుంది. ఆకుపచ్చ రంగుకు సాధారణంగా కోటింగే కారణం. ఫిల్టర్ మీద, సెన్సర్ ముందున్న గాజు మీద ఉన్న కోటింగ్ ఆపలేక వదిలేసిన రంగే మనకు కనిపించేది. మీ ఫిల్టర్‌ను ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టి చూడండి. మంచి కోటింగ్ ఉన్నదైతే ప్రతిబింబం సన్నగా, ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తుంది. కిటికీ అద్దంలో కనిపించినట్టు తెల్లగా, కాంతివంతంగా కనిపిస్తే దానికి కోటింగ్ లేనట్టే.

కోటింగ్ లేని గాజు ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుతురును తిప్పికొడుతుంది. బిళ్లకు రెండు ముఖాలు కాబట్టి దాదాపు 8 శాతం. మంచి మల్టీకోటెడ్ బిళ్ల అయితే ఒక్కో ముఖానికి అర శాతం లోపే. అయినా ఆ అర శాతం కూడా ఎదురుగా ఉన్న ఎల్ఈడీకి చాలు. నల్లటి ఆకాశం మీద, నీడలో ఉన్న ముఖం మీద అది ఇట్టే కనబడిపోతుంది. అందుకే “ఇంకా ఖరీదైన ఫిల్టర్ కొంటే పోతుందా” అని ఎవరైనా అడిగితే, తగ్గుతుంది గానీ పోదని చెబుతాను. పోవాలంటే ఫిల్టర్ తీసేయాలి.

నా మాట మీద తీసేయొద్దు, ఇంట్లో పరీక్ష చేసుకోండి. రాత్రి గదిలో లైట్లార్పి, నాలుగైదు మీటర్ల దూరంలో ఒక ఫోన్ టార్చ్ వెలిగించి పెట్టండి. కెమెరాను బల్ల మీద పుస్తకాల దొంతరపై కదలకుండా ఉంచి, టార్చ్ ఫ్రేము ఎడమ పైమూలలోకి వచ్చేట్టు చూడండి. పెళ్లిలో పెట్టిన సెట్టింగులే పెట్టి, మాన్యువల్‌లో ఫోకస్ టార్చ్ మీద నిలిపి ఒకటి తీయండి. ఫిల్టర్ విప్పి, ఇంకేమీ ముట్టుకోకుండా రెండోది తీయండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి కుడి కింది మూల చూడండి. టార్చ్‌ను బాగా దగ్గర పెడితే మాత్రం ఈ పరీక్ష సరిగ్గా రాదు. దగ్గర వస్తువు మీద ఫోకస్ ఉన్నప్పుడు తిరిగొచ్చిన బొమ్మ చెదిరి కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. రెండో ఫొటోలో కూడా ఏదో చిన్న మచ్చ మిగిలితే అది లెన్స్ సొంతం, దాని సంగతి చివర్లో చెబుతాను.

ఏడాదిగా బిగించే ఉంది కాబట్టి ఫిల్టర్ పట్టేసి ఉండొచ్చు. పట్టేసినప్పుడు రెండు వేళ్లతో గట్టిగా నొక్కి తిప్పుతాం, అదే తప్పు. సన్నటి రింగు కదా, నొక్కితే కోలగా వంగి మర మరింత బిగుసుకుంటుంది. వెడల్పాటి రబ్బర్ బ్యాండు ఒకటి రింగు చుట్టూ వేసి, వేళ్లన్నీ చుట్టూ సమానంగా ఆనించి, నొక్కకుండా తిప్పండి. గిన్నెలు తోమే రబ్బర్ గ్లౌజు వేసుకున్నా చాలు. 18-55కు ఇంకో జాగ్రత్త ఉంది. లెన్స్ బారెల్‌ను వెనకెక్కడో పట్టుకుని ముందు రింగును తిప్పితే ఆ బలం లోపలి ఫోకస్ మోటారు మీద పడుతుంది. ఫిల్టర్‌కు వీలైనంత దగ్గరగా పట్టుకోండి.

ఇక “ఫిల్టర్ లేకపోతే లెన్స్‌కు రక్షణ ఎలా” అన్నది. యూవీ ఫిల్టర్ ఫిల్మ్ రోజుల్లో పనికొచ్చేది. అతినీల కిరణాలకు ఫిల్మ్ స్పందించి దూరపు కొండలు నీలంగా పాలిపోయేవి. డిజిటల్ సెన్సర్ ముందు ఆ కిరణాలను ఆపే గాజు ఉండనే ఉంది. కాబట్టి ఇప్పుడది ఒట్టి కాపలా బిళ్ల. కాపలా అవసరమైన చోట ఉంచుకోండి. విశాఖ బీచ్‌లో ప్రీవెడ్డింగ్ తీస్తుంటే ఉప్పునీటి తుంపరలు పడతాయి, అక్కడ ఉండాలి. హల్దీలో పసుపు నీళ్లు చల్లుకునేటప్పుడూ ఉండాలి. తలంబ్రాలకు అక్కర్లేదు. దగ్గరికెళ్లి వైడ్‌లో తీస్తే గింజలు లెన్స్ మీద పడతాయి నిజమే, కానీ బియ్యం గింజకు గాజు గీరుకుపోదు, హుడ్ చాలావాటిని ఆపుతుంది. రాత్రి మండపంలో లైట్లకు ఎదురుగా నిలబడేటప్పుడు మాత్రం ఫిల్టర్ జేబులోనే ఉండాలి. నేనైతే పెళ్లికి వెళ్లే ముందే తీసి డబ్బాలో పెడతాను. ముహూర్తం టైములో మర విప్పుతూ కూర్చుంటే జీలకర్ర-బెల్లం అయిపోతుంది.

రెండో ఫొటోకి వద్దాం. ఇందులో చుక్కల్లేవు, ఫ్రేములో లైటు కూడా లేదు. కానీ నల్లగా ఉండాల్సిన పెళ్లికొడుకు జుట్టు బూడిద రంగులో ఉంది. కుడివైపు తెలుపు ఎక్కువ, ఎడమకు వచ్చేకొద్దీ తగ్గుతోంది. అంటే కుడివైపు, ఫ్రేముకు కాస్త బయట, స్టాండు మీద వీడియో అతని లైటు ఉండి ఉంటుంది. ఆ లైటు ఫొటోలో పడకపోయినా లెన్స్ ముందు గాజు మీద ఏటవాలుగా పడుతోంది. లోపలి గాజుల మధ్య, బారెల్ గోడల మధ్య చెదిరి, ఫొటో అంతటా పలచగా పరుచుకుంది. పాలల్లో నీళ్లు కలిపినట్టు నలుపులోకి తెలుపు కలిసింది. హుడ్ పనిచేసేది సరిగ్గా ఇక్కడే. ఫ్రేము బయటి లైటును అది ఆపుతుంది. ఫ్రేము లోపలి లైటును ఆపాలంటే ఫొటోకే అడ్డం రావాలి.

హుడ్ కొనే ముందు ఉచిత పరీక్ష ఒకటి ఉంది. ఎండలో దూరంగా చూడాలంటే నుదుటి మీద చెయ్యి అడ్డం పెడతాం కదా, లెన్స్‌కూ అలాగే పెట్టండి. లైవ్ వ్యూలో చూస్తూ, లైటున్న వైపు లెన్స్‌కు ఒక అడుగు ముందుగా అరచేతిని నెమ్మదిగా తీసుకురండి. ఒక చోట తెర తొలగినట్టు ఒక్కసారిగా నలుపు నలుపుగా మారుతుంది. చెయ్యి సరైన చోట ఉందో లేదో ఇంకోలా కూడా తెలుస్తుంది. ముందు గాజు మీద చేతి నీడ పూర్తిగా పడాలి. అసిస్టెంటు ఉంటే అతను ముందు నుంచి చూసి చెప్పగలడు. గాజు ఇంకా మెరుస్తుంటే చాలనట్టు. చేతితో తేడా వస్తే హుడ్‌తోనూ వస్తుంది. ఎంత అడ్డం పెట్టినా తేడా రాకపోతే కారణం వేరే ఉంది.

ఆ వేరే కారణాలు పెళ్లిలో సాధారణంగా రెండు. ఒకటి హోమం పొగ. వెనక నుంచి లైటు పడితే పొగే వెలుగుతుంది. అది గాలిలో ఉన్న తెలుపు, లెన్స్‌లోది కాదు. పొగ కదిలినప్పుడల్లా ఫొటోకీ ఫొటోకీ ఆకారం మారుతుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. రెండోది లెన్స్ మీద జిడ్డు. కర్పూరం మసి, నెయ్యి ఆవిరి, మన వేలిముద్ర. నా తొలిరోజుల్లో ఒక సీజన్ అంతా ఫొటోలు తెల్లగా వస్తుంటే లెన్స్‌లో ఫంగస్ పట్టిందని బెంగపడి రిపేరుకు తీసుకెళ్లాను. ఆయన గాజు మీద ఊది, గుడ్డతో తుడిచి, “భోజనం చేసి చెయ్యి కడుక్కో నాయనా” అని తిరిగిచ్చేశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు, అది ఇంకా సిగ్గేసింది. తుడిచేటప్పుడు ముందు బ్లోయర్‌తో దుమ్ము ఊదండి. తర్వాత లెన్స్ ద్రావణం ఒక చుక్క మైక్రోఫైబర్ గుడ్డ మీద వేసి తుడవండి. చుక్కను నేరుగా గాజు మీద వేయకండి, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. చొక్కా కొంగుతో తుడిస్తే జిడ్డు పోదు, చారలుగా సాగుతుంది. లైట్ల నుంచి అన్నీ ఒకే దిశలో పొడవాటి గీతలు వస్తున్నాయంటే చాలాసార్లు ఆ చారల పనే.

హుడ్ విషయంలో, ఏ లెన్స్‌కు ఏ హుడ్డో కంపెనీ ఒక నంబరు ఇస్తుంది. లెన్స్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఆ నంబరుదే కొనండి. కంపెనీదే కానక్కర్లేదు, అదే ఆకారంలో చవకగా దొరికేవీ లైటును అలాగే ఆపుతాయి. నంబరు చూడకుండా పొడవాటిది కొంటే 18 దగ్గర నాలుగు మూలలూ నల్లగా వస్తాయి. పువ్వు రేకుల్లాంటి హుడ్ అయితే పెద్ద రేకులు పైనా కిందా, చిన్నవి పక్కలకూ రావాలి. టక్కుమని చప్పుడు వచ్చేదాకా తిప్పకపోతే అది సగంలో ఆగి మూలల్లో నల్ల నీడ వేస్తుంది. ఇక హుడ్‌ను వెనక్కి తిప్పి బిగించి, అలాగే పెళ్లంతా తీసేసేవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను. అది బ్యాగులో పెట్టుకోవడానికి ఉన్న పద్ధతి.

ఇందులో ఒక పరిమితి కూడా తెలుసుకోండి. 18-55 హుడ్‌ను 18 దగ్గర మూలలు కొట్టకుండా పొట్టిగా చేస్తారు. అదే హుడ్‌తో మీరు 55కు జూమ్ చేస్తే చూసే కోణం బాగా సన్నబడుతుంది, హుడ్ మాత్రం అంతే పొట్టిగా ఉంటుంది. కాబట్టి 55 దగ్గర పక్క లైటు సులువుగా దూరిపోతుంది. అక్కడ హుడ్ ఉన్నా చెయ్యి అడ్డం పెట్టాల్సిందే, లేదా అసిస్టెంటు చేతిలో నల్ల చార్టు ముక్క ఉండాలి. 50కి ఆ బాధ లేదు, దాని హుడ్ దాని ఒక్క కోణానికే చేసినది. వీటన్నిటికంటే ముందు వీడియో అతనితో “అన్నా, లైటు రెండడుగులు వెనక్కి జరుపుతావా” అని ఒక మాట అనండి. ముహూర్తానికి అరగంట ముందు అడిగితే జరుపుతారు. ముహూర్తంలో అడిగితే ఎవరూ వినరు.

ఫిల్టర్ తీసి, హుడ్ పెట్టి, గాజు తుడిచాక కూడా మండపం లైట్లు ఫ్రేములోనే ఉన్నప్పుడు కొన్ని మచ్చలు మిగలొచ్చు. ఇవి లెన్స్ లోపలి గాజుల మధ్య పుట్టినవి. గాలికి తగిలే ప్రతి రెండు ముఖాలూ కలిసి ఒక మచ్చను పుట్టించగలవు. పది ముఖాలుంటే 45 జతలు, ఇరవై ఉంటే 190 జతలు. మామూలు 50 ఎఫ్ 1.8లో ఆరేడు గాజులే ఉంటాయి, 18-55 జూముల్లో పదకొండు నుంచి పదమూడు దాకా ఉంటాయి. కోటింగ్ లేకపోతే ఈనాటి జూమ్ లెన్సులు వాడటానికే పనికొచ్చేవి కావు. జైస్ కంపెనీలో పనిచేసిన అలెగ్జాండర్ స్మకూలా 1935లో ఈ కోటింగ్‌కు పేటెంట్ తీసుకున్నాకే ఎక్కువ గాజులతో లెన్సులు కట్టే దారి తెరుచుకుంది. ఏదేమైనా, లైట్లకు ఎదురుగా తీయాల్సి వస్తే ఆ కాసేపు మీ 50నే వాడండి.

మిగిలిన ఈ మచ్చలకు మందు మీ కాళ్లలో ఉంది. లైటు ఫ్రేము అంచును తాకుతూ ఉన్నప్పుడు, లేదా అంచుకు కాస్త బయట ఉన్నప్పుడు గొడవ ఎక్కువగా వస్తుంది. కాబట్టి లైటును పూర్తిగా లోపలికి తెచ్చుకోండి, లేదా పూర్తిగా బయటికి పంపండి. కెమెరాను కొన్ని డిగ్రీలు తిప్పితే చాలు, వ్యూలో మచ్చలు జారుకుంటూ కదలడం కనిపిస్తుంది. మీ మొదటి ఫొటోనే తీసుకుందాం. మీరు అదే చోట సగం అడుగు కుడికి జరిగి మోకాలి మీద కూర్చుని ఉంటే, ఆ నాలుగు లైట్లలో కనీసం రెండు అరటిబోదె వెనక్కి, పూలదండల వెనక్కి వెళ్లేవి. లైటు దాగితే దాని మచ్చా దాగుతుంది. పైగా పూల అంచులు వెలుగుతాయి, ఫొటో ఇంకా బాగుంటుంది. దాచడం కుదరకపోతే ఎదుటి చోటును లెక్కేయండి. లైటు ఎడమ పైన ఉంటే మచ్చ కుడి కిందికి వస్తుందని ఇప్పుడు మీకు తెలుసు. అక్కడ అమ్మాయి ముఖం కాకుండా బంతిపూల తెర వచ్చేట్టు ఫ్రేము కట్టుకోండి. రంగురంగుల పూల మీద పడిన మచ్చను ఎవరూ పట్టించుకోరు. నల్ల కోటు మీద పడితే అందరికీ కనిపిస్తుంది. ఒక్కటే లైటయితే ఇంకో చిట్కా ఉంది. దాన్ని సరిగ్గా ఫ్రేము మధ్యలో పెడితే ఎదుటి బొమ్మ కూడా దాని మీదే పడి కలిసిపోతుంది. వెడల్పుగా తీసుకుని తర్వాత కత్తిరించుకోవచ్చు.

అపర్చర్ మూస్తే మచ్చలు పోతాయనుకునేవాళ్లున్నారు. పోవు, రూపం మారతాయి. 1.8లో పెద్దగా పలచగా ఉన్న లెన్స్ మచ్చ 8కి వెళ్లేసరికి చిన్నదై, అంచులు తేలి, అపర్చర్ రేకుల ఆకారంలో గట్టిగా కనిపిస్తుంది. లైట్ల చుట్టూ నక్షత్రపు కిరణాలు కూడా వస్తాయి. పలచటి మచ్చ ముఖం మీద సర్దుకుపోతుంది, గట్టిది సర్దుకోదు. ఎక్స్‌పోజర్ మాత్రం కాస్త తగ్గించడం మేలు. మచ్చలు నీడల్లోకి దిగిపోతాయి, ముఖం వరకు తర్వాత కంప్యూటర్లో వెలుతురు పెంచుకోవచ్చు.

ఇంట్లోవాళ్లు ఫోన్లలో తీసినవాటిలోనూ ఇవే చుక్కలు వచ్చాయని మీరు చూసే ఉంటారు. ఫోన్ కెమెరా ముందూ చదును గాజు ఉంటుంది, దాన్ని విప్పలేం. పైన అంటించిన లెన్స్ గార్డ్ ఉంటే మాత్రం పీకేయమనండి, ఆ ఒక్క పనికే చాలా తగ్గుతుంది.

ఇక ఇప్పటికే తీసిన ఫొటోలు. తెల్లబడినవి చాలావరకు బాగవుతాయి. లైట్‌రూమ్‌లో Dehaze కొంచెం పెంచి, Blacks తగ్గించండి. మీ ఫొటోలో తెలుపు కుడివైపే ఎక్కువ కాబట్టి మొత్తానికి కాకుండా కుడి నుంచి ఎడమకు గ్రేడియంట్ మాస్క్ వేసి, ఆ భాగానికే ఇవ్వండి. నేను మీ ఫొటో మీద Dehaze ను 25 దగ్గర ఆపాను. ఆపైకి వెళ్తే ముఖం ఇటుకరంగుకు తిరిగింది. భుజం మీది మూడు చుక్కలు Heal బ్రష్‌తో పోతాయి, పట్టుచీర అల్లికలో కలిసిపోతాయి. చెంప మీది చుక్కను మాత్రం బ్రష్‌తో రుద్దకండి, చర్మం ప్లాస్టిక్‌లా అవుతుంది. ఆ చుక్క చుట్టూ మాస్క్ వేసి, ఆకుపచ్చకు ఎదురుగా Tint ను మెజెంటా వైపు జరిపి, Exposure కొంచెం దించండి. అప్పటికీ సరిపోకపోతే అదే వరసలో ఒకటి రెండు సెకన్ల తేడాతో తీసిన ఇంకో ఫొటో చూడండి. కెమెరా ఇసుమంత కదిలినా అందులో చుక్క చెంప దాటి జడ మీదికి పోయి ఉంటుంది. ఆల్బంకు దాన్నే ఇచ్చేయండి.